ఎవరూ బేరమాడని రోజులు

నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పటి నుంచి నాకో గర్వం. అందుకే రాజీనామా కాగితం టైపు చేయించకుండా నేనే స్వయంగా రాసుకున్నాను. తేదీ ఒక్కటే వదిలేశాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాదాపు మూడు వారాలు మోశాను. చొక్కా ఉతకడానికి తీసినప్పుడల్లా మా ఆవిడ ఆ కాగితం తీసి టీవీ పక్కన పెట్టేది. నేను మళ్ళీ తీసి, ఉతికిన చొక్కా జేబులో పెట్టుకునేవాణ్ణి. అది ఏ కాగితమో తనకి తెలుసని నాకు తెలుసు. అయినా ఇద్దరం నోరు విప్పలేదు.

పోర్టులో సరుకు దింపి, లారీలకెత్తే ఒక కాంట్రాక్టు కంపెనీలో నాది ఉద్యోగం. పదహారేళ్ళ సర్వీసు. అందులో తొమ్మిదేళ్ళు మా యార్డు గేటు దగ్గరే కూర్చున్నాను. బొగ్గు నింపుకున్న లారీ బయటికి వెళ్ళాలంటే పైన టార్పాలిన్ సరిగ్గా కప్పి, తాళ్ళు బిగించి ఉండాలి. లేకపోతే దారి పొడుగునా నల్లటి పొడి రాలుతుంది. పోర్టు పక్కనే ఉన్న మల్కాపురం వాళ్ళు అప్పటికే ఆరేసిన బట్టల మీద సగం పోర్టుని దులుపుకుంటూ బతుకుతున్నారు. టార్పాలిన్‌ని మేం బరకం అంటాం. బరకం బాగుంటే నేను చీటీ మీద సంతకం పెడతాను, లారీ వెళుతుంది. చిరిగి ఉంటే లారీ పక్కకి పెట్టిస్తాను, రిజిస్టర్లో నంబరూ కారణమూ రాస్తాను. అంతే నా పని. చిన్న పనే, కానీ ఆ సంతకం కోసం రోజుకి వంద మంది నా మొహం చూసేవారు.

నాకు బరకాలు కుట్టే పిచ్చి ఎలా అంటుకుందో చెప్పాలి. యార్డులో సరుకు గుట్టల మీద కప్పే పెద్ద బరకాలు చిరిగితే, వాటిని పాత బస్తీలో ఒక ఉస్తాదు దగ్గరికి తీసుకెళ్ళి బాగు చేయించే బాధ్యత కంపెనీ నాకిచ్చింది. ఉస్తాదు వాళ్ళది తరాల నుంచీ ఇదే పని. వాళ్ళ తాత తెరచాపలు కుట్టాడట. నేను అక్కడ కూర్చుని టీ తాగుతూ ఆయన చేతులు చూసేవాణ్ణి. బరకం చిరిగేది మధ్యలో కాదు, అంచుల్లో. లారీ బాడీ మూల తగిలి రాసుకునే చోట, తాడు దూర్చే రింగు దగ్గర. మామూలు షాపుల వాళ్ళు చిరిగిన చోట మాసిక వేసి పంపేస్తారు. ఆయన మూల లోపలి వైపు ఇంకో ముక్క వేస్తాడు, రింగు కింద పాత బరకం రెండు మడతలు పెడతాడు, మెషీను అందని చోట దబ్బనంతో చేత్తో కుడతాడు. ఒక ఆదివారం ఆ దబ్బనం నేను అడిగి తీసుకున్నాను. అరచెయ్యి బొబ్బలెక్కింది. రెండేళ్ళు ఆదివారాలు వెళ్ళాను. నాకు చేతకాని పనులు చాలా ఉన్నాయి, ఇది మాత్రం చేతనయింది. ఆ సంతోషం నాకు జీతం రోజున కూడా ఎప్పుడూ కలగలేదు.

మొదటి గిరాకీ ఎవరంటే, మల్కాపురంలో ఉండే ఒక లారీ డ్రైవరు. సొంత లారీ, అదొక్కటే. వాయిదాలు కట్టుకుంటూ తనే నడుపుకునేవాడు. మనిషికి నోటి దురుసెక్కువ. నన్ను బావా అంటాడు, నేనూ అంటాను. చుట్టరికం ఏమీ లేదు. ఆ ఏడు వానలు మొదలైన వారంలో అతని లారీని మూడుసార్లు పక్కకి పెట్టించాను.

"ఇదేటి బావా, రోజూ నా బండే ఆపుతావు? ఈ సిరుగులోంచి బొగ్గు కాదు కదా, సీమ కూడా బయటికి రాదు."

"చీమ సంగతి నాకొద్దు. కుట్టించుకుని రా."

"ఎక్కడ కుట్టించమంటావు? నువ్వే సెప్పు."

అప్పుడు నోరు జారిందో, కావాలనే అన్నానో ఇప్పటికీ నాకు తెలీదు. "నేనే కుడతాను, ఆదివారం తీసుకురా" అన్నాను.

ఉస్తాదు షాపులో రెండో మెషీను ఖాళీగానే ఉండేది. దాని మీద కుట్టిచ్చాను. మూలలు, రింగులు, అన్నీ ఉస్తాదు పద్ధతిలోనే. ఎంతివ్వాలని అడిగాడు, చెప్పాను. మాట్లాడకుండా తీసిచ్చి, బరకం భుజాన వేసుకుని పోయాడు. మరుసటి వారం ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత ఐదుగురు. దసరా దాటేసరికి పదకొండు మంది లారీ ఓనర్లు నాకు ఖాయంగా పని ఇచ్చేవారు. ఆదివారం చాలక, ఉదయం షిఫ్టు దిగాక సాయంత్రాలు కూడా వెళ్ళేవాణ్ణి. ఒక్కడూ బేరమాడలేదు. పావలా కొత్తిమీర దగ్గర కూడా గొడవ పడే ఊర్లో పుట్టి పెరిగినవాణ్ణి, నా దగ్గర ఎవరూ బేరమాడడం లేదంటే నా పనితనం అలాంటిదని ఛాతీ విరుచుకున్నాను.

గాజువాకలో లారీలు ఆగే రోడ్డు మీద ఒక షెడ్డు ఖాళీ అయింది. రేకుల కప్పు, ముందు బరకం పరుచుకునేంత జాగా, పక్కనే టైర్ల షాపు. అలాంటి చోటు మళ్ళీ దొరకదు. ఓనరు పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగాడు, మూడేళ్ళ అగ్రిమెంటు అన్నాడు, ఒకటో తారీఖు దాకా ఆగుతానన్నాడు. నేను లోపల్లోపల లెక్కలు వేసుకున్నాను. పదకొండు మందే ఇంత ఇస్తుంటే, పూర్తిగా కూర్చుంటే ఎంత మంది! ఆ వారమే రాజీనామా కాగితం రాశాను. డబ్బుకి మా ఆవిడ చీటీ ఉంది. ఆరేళ్ళ నుంచి తను పనిచేసే షాపు వాళ్ళతో కలిసి వేస్తోంది. ఆ చీటీ మా ఇంటి మీద ఒక గదికి స్లాబు వేయడానికి. ఒంటిగదిలో పెరిగిన మా పిల్ల ఇంటర్లోకి వచ్చింది, తలుపు వేసుకుని చదువుకునే చోటు కావాలంటోంది. ఆ స్లాబు ఒక్క ఏడాది ఆగితే ఏమవుతుందని నా ఆలోచన.

మా ఆవిడ గాజువాకలో ఒక రెడీమేడ్ బట్టల షాపులో బిల్లింగు కౌంటరు చూస్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక, అగ్రిమెంటు నకలు తన ముందు పెట్టి, ఎంత రాబడి వస్తుందో గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. చేపల పులుసు గిన్నె పక్కకి జరిపి, కాగితం మొత్తం చదివింది. నేను సగం కూడా చదవలేదన్న సంగతి అప్పుడు బయటపడింది.

"ఎంతొత్తాదో నానడగట్లేదండీ" అంది. "మునిగితే ఎందాకా మునుగుతాం, అది సెప్పండి. మోకాలి దాకానా, పీకల దాకానా?"

"మొదలెట్టకముందే మునగడమేంటి? నీ నోట మంచి మాట రాదా?"

"సముద్రంలో దిగినోడు ముందు లోతు సూత్తాడు, ఈతొచ్చినా సరే. ఇదిగో, షెడ్డు ఆర్నెల్లకి మూసేసినా మూడేళ్ళూ అద్దె కట్టాలని రాసున్నాది. సదివారా?"

చదవలేదు. కోపం వచ్చింది. నేను తప్పు చేశానని తెలిసినప్పుడు నాకు వచ్చే కోపం మామూలు కోపం కంటే ఎక్కువగా ఉంటుంది. తను మాత్రం కౌంటర్లో బిల్లు కొట్టినంత నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. మెషీను కొంటే, నడవకపోతే అమ్ముకోవచ్చు, కొంత పోయినా కొంత వస్తుంది. అది మోకాలి లోతు. అద్దె మూడేళ్ళకి సంతకం పెడితే అది తిరిగి రాదు. ఉద్యోగం వదిలితే నలభై నాలుగేళ్ళ వాణ్ణి మళ్ళీ అదే జీతానికి ఎవరూ తీసుకోరు. ఈఎస్ఐ కార్డు పోతుంది. పోయినేడాది తన కడుపులో గడ్డ ఆపరేషన్ ఆ కార్డు మీదే జరిగింది, ఇంకా మందులు వాడుతోంది. పీఎఫ్ తీసి ఇందులో పోస్తే ముసలితనానికి ఏమీ ఉండదు. ఇవన్నీ ఒకేసారి పెడితే పీకల లోతు.

"సేయొద్దనట్లేదు. మోకాలి లోతు ఎంతో ముందు మీరే గీత గీయండి. ఆ గీతకి ఇవతల ఎన్ని ఆటలైనా ఆడండి. స్లాబు సీటీ మాత్రం గీతకి అవతల. దాన్ని ముట్టుకోవద్దు."

కాగితం తీసుకుని బయటికి నడిచాను. నా మీద నమ్మకం లేని మనుషుల మధ్య బతుకుతున్నానని ఆ రోజు నిజంగానే అనుకున్నాను. నన్ను మెచ్చుకునే వాడి దగ్గరికి వెళ్ళాలనిపించింది. సిటీ బస్సెక్కి పాత బస్తీలో దిగి, తిన్నగా ఉస్తాదు షాపుకి వెళ్ళాను.

ఉస్తాదు ఒక పడవ వాళ్ళ బరకానికి అంచు మడుస్తున్నాడు. అంచులో తాడు పెట్టి, మడిచి, రెండు వరసలు కుడతాడు. నేను షెడ్డు గురించి చెప్పాను. ఆయన రెండో మెషీను నాకు అమ్మమన్నాను. పదకొండు మంది ఖాయం గిరాకీల గురించి చెప్పాను. ఆయన తలెత్తకుండా విన్నాడు.

"ఒక్క మాట అడుగుతాను భాయ్. నీ కాడ బేరమాడతన్నారా?"

"ఒక్కడూ ఆడడు" అన్నాను గొప్పగా. "చెప్పినంతా చేతిలో పెట్టి పోతున్నారు."

ఉస్తాదు దబ్బనం కింద పెట్టాడు. "నలభై ఏళ్ళ నుంచి కుడతన్నాను. నాతో బేరమాడనోడు ఇప్పటిదాకా ఒక్కడూ రాలేదు. నా సొంత తమ్ముడు కూడా ఆడతాడు. ఏటి, నీ కుట్టు నా కుట్టు కన్నా బాగుందా?"

నేను పక్కనున్న దారపుండ తీసి చుట్టడం మొదలుపెట్టాను.

"ఆళ్ళు నీ కుట్టుకి రాటం లేదు భాయ్. నీ సంతకానికి వత్తన్నారు. రేపు నువ్వు ఆ కుర్సీ ఖాళీ సేస్తే సంతకం ఆడనే ఉండిపోతాది. నువ్వొక్కడివే షెడ్డుకి పోతావు."

టీ వచ్చింది. తాగకుండా లేచాను. రెండేళ్ళు ఆదివారాలు ఆయన పక్కన కూర్చున్నవాణ్ణి, చెప్పకుండా వచ్చేశాను. నేను ఒక్క రూపాయి లంచం తీసుకోని మనిషిని. గేట్లో కొందరు సూపర్‌వైజర్లు టీ డబ్బులని, పండక్కి అని చెయ్యి చాపేవారు. నేను చాపలేదు. అది నా గొప్ప. దాని మీదే రాయి వేశాడు ఉస్తాదు. ఇంటికి వస్తూ కంచరపాలెం దాకా బస్సులో ఆయన్ని తిడుతూనే ఉన్నాను. పక్క సీటాయన నన్ను చూసి కాస్త జరిగి కూర్చున్నాడు.

మర్నాడు గేట్లో పని తక్కువగా ఉన్న వేళ, ఉస్తాదుది తప్పని రుజువు చేద్దామనే రిజిస్టరు తీశాను. పక్కకి పెట్టిన లారీల రిజిస్టరు. పోయిన వానాకాలం నాలుగు పేజీలు. ఈ వానాకాలం ఏడున్నర పేజీలు. ఈ ఏడు వానలు ఎక్కువేమో అనుకుందామని చూశాను, కానీ పోయినేడాదే ఎక్కువ. కారణం రాసే గడి చూశాను. పోయినేడాది 'పెద్ద చిరుగు', 'బరకం లేదు', 'తాళ్ళు తెగినవి' అని ఉన్నాయి. ఈ ఏడు 'చిన్న చిరుగు', 'చిన్న చిరుగు', 'రింగు ఊడినది', 'చిన్న చిరుగు'. వేలెడంత చిరుగుకి ఇదివరకు తాడు ముడేసుకోమని పంపేసేవాణ్ణి. ఏడున్నర పేజీలూ నా చేతిరాతే. ఎంత అందంగా రాశానో!

నేను కావాలని చేయలేదు. ఇప్పటికీ ఆ మాట చెప్పగలను. కానీ కుట్టు చేతికొచ్చాక నా కంటికి చిరుగులు ఎక్కువగా కనబడడం మొదలుపెట్టాయి, కనబడిన ప్రతి చిరుగూ నా దగ్గరికే వచ్చింది. చెయ్యి చాపకుండా తీసుకున్నాను, అంతే తేడా. సిగ్గుతో నాకు చెమటలు పట్టాయి. ఎదురుగా హారన్ కొడుతున్న లారీ డ్రైవరు, ఏమైందోనని దిగి వచ్చి, మంచినీళ్ళు తాగమని బాటిల్ ఇచ్చాడు. అతని బరకం కూడా నేను కుట్టిందే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఆవిడకి రిజిస్టరు సంగతి చెప్పాను. పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. తర్వాత, "అయితే ఇప్పటిదాకా మీరు సేసింది యాపారమో కాదో మనకింకా తెలీదన్నమాట" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

తెలుసుకోవాలంటే ఒకటే దారి, గేటు వదలాలి. ఉద్యోగం కాదు, గేటు. రెండు రోజుల తర్వాత మేనేజరు గదికి వెళ్ళి, నన్ను గేటు నుంచి తీసి యార్డు లోపల సరుకు నిల్వల మీద వేయమని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు.

"గేటు కావాలని సిఫార్సులు తెచ్చినవాళ్ళని చూశాను. గేటు వద్దన్నవాణ్ణి ఇదే చూడ్డం. ఏమైంది, ఎవరైనా బెదిరించారా?"

ఉన్నదంతా చెప్పాను, రిజిస్టరుతో సహా. కంపెనీ నియమం ప్రకారం బయటి వ్యాపారం చేస్తే ముందే చెప్పాలని, చెప్పకుండా చేసినందుకు మెమో ఇవ్వొచ్చని ఆయన అన్నాడు. మెమో ఇచ్చాడు కూడా. తర్వాత, షిఫ్టు అయ్యాక కుట్టుకోవడానికి అనుమతి కోరుతూ రాసివ్వమన్నాడు: కంపెనీ సరుకుతో, కంపెనీ బరకాలతో సంబంధం ఉండకూడదు, లారీల మీద సంతకం పెట్టే పనిలో నేను ఉండకూడదు. రాసిచ్చాను. ఆయన కింద సంతకం పెట్టాడు. ఇంకొకరి సంతకం కోసం నిలబడడం ఎలా ఉంటుందో ఆ గదిలో తెలిసింది.

ఒకటో తారీఖుకి షెడ్డు ఓనరుకి వద్దని చెప్పేశాను. అక్కడ బ్యాటరీల షాపు పెట్టారు. ఆ షాపు మూతపడి ఉంటే ఈ కథ చెప్పడానికి బాగుండేది. మూతపడలేదు, బ్రహ్మాండంగా నడుస్తోంది. ఆ రోడ్డున వెళ్ళినప్పుడల్లా నా కడుపు మండుతుంది.

ఉస్తాదు దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడగబోతే, "సాయ్ తాగకుండా పోయావు, ముందు అది తాగు" అన్నాడు. మెషీను అమ్మనన్నాడు. నెలకింతని అద్దెకి ఇస్తానన్నాడు, వద్దనుకున్న నెల వదిలెయ్యొచ్చు. షాపు ముందు అరుగు మీదే కుట్టుకోమన్నాడు. మా ఆవిడా నేనూ కూర్చుని గీత గీశాం. మెషీను అద్దె, దారం, రింగులు, బట్ట. వీటికి కొంత సొమ్ము ఒక డబ్బాలో పెట్టాం. ఆ డబ్బా ఖాళీ అయితే ఆ రోజుతో సరి, ఇంటి ఖర్చులోంచి ఒక్క రూపాయి కలపకూడదు. గడువు ఏడాది. వానలు అందరికీ గిరాకీ తెస్తాయి కాబట్టి వానాకాలం రాబడి చూసి మురవకూడదు, ఎండాకాలం రాబడిని బట్టే తేల్చుకోవాలి. ఇది ఉస్తాదు చెప్పిన షరతు. రాజీనామా కాగితాన్ని మా ఆవిడే దబ్బనాల పెట్టెలో, అడుగున పెట్టింది.

గేటు వదిలిన మొదటి నెలలో పదకొండు మందిలో ఇద్దరు వచ్చారు.

ముందే ఊహించిందే అయినా ఆ నెల నాకు మొహం చెల్లలేదు. యార్డులో బొగ్గు గుట్టల మధ్య ముక్కుకి గుడ్డ కట్టుకుని తిరుగుతుంటే, నిన్నటిదాకా బావా బావా అన్నవాళ్ళు హారన్ కూడా కొట్టకుండా పోయేవారు. మల్కాపురం డ్రైవరు అయితే ఒకసారి నన్ను చూసి కూడా బీడీ వెలిగించుకుంటూ తల తిప్పేసుకున్నాడు. షెడ్డు తీసుకుని ఉంటే ఆ నెల నుంచి ముప్ఫై ఆరు నెలలు రెండు గిరాకీలతో అద్దె కట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆలోచన వచ్చినప్పుడల్లా పీకల దాకా నీళ్ళున్నట్టు ఊపిరి ఆడేది కాదు.

మా గేటుతో పనిలేని గిరాకీలని వెతకమన్నాడు ఉస్తాదు. వెతికాను. కంచరపాలెంలో ఒక టెంటు హౌసు ఆయన, పెళ్ళి పందిళ్ళ మీద కప్పే బరకాలు మూటగట్టి ఇచ్చాడు. చెప్పిన రేటులో మూడో వంతు కోశాడు. ఆయన దగ్గర నేను నోరు తిరగక తెల్లమొహం వేశాను, ఎందుకంటే నాకు బేరమాడడం అలవాటే కాలేదు. ఉస్తాదు లోపలి నుంచి నవ్వుతూ వచ్చి, ఆ కోతని సగం చేసి బేరం తెంపాడు. హార్బరులో పడవల వాళ్ళు వచ్చారు. వాళ్ళు డబ్బులతో పాటు ఒకసారి చేపలు కూడా ఇచ్చారు. ధాన్యం కళ్ళాల మీద కప్పే బరకాలకి మా ఆవిడ పుట్టింటి వైపు రైతులు ఇద్దరు వచ్చారు. చుట్టాలు కదా, వాళ్ళ బేరం ఇంకా ఘోరం. ఎండాకాలం వచ్చేసరికి డబ్బాలో సొమ్ము సగానికి దిగి, అక్కడ ఆగి, మెల్లగా పైకి రావడం మొదలైంది. నెలకి నా జీతంలో మూడో వంతు మిగిలిందనుకోండి. పొగరు పట్టేంత కాదు, మానుకునేంత తక్కువా కాదు.

మేడ మీద గదికి స్లాబు పడింది. ఆ రోజు మా ఆవిడ కూలీలందరికీ బిర్యానీ పెట్టించింది. పిల్ల ఇప్పుడు తలుపు వేసుకుంటుంది. ఎంత గట్టిగా వేసుకుంటుందంటే, అన్నానికి పిలిచినా వినపడదు.

మొన్న మళ్ళీ వానలు మొదలయ్యాక, ఒక ఆదివారం ఉదయం అరుగు మీద కూర్చుని రింగులు కొడుతున్నాను. ఆటోలోంచి పెద్ద మూట దిగింది. దాని వెనకాల మల్కాపురం డ్రైవరు దిగాడు. మూట విప్పి పరిచాడు. నేను కుట్టిన మొదటి బరకం. మధ్యలో నాలుగు చోట్ల చిరుగులు, ఎండకి రంగు వెలిసిపోయింది. మూలలు మాత్రం నాలుగూ నేను కుట్టినవి కుట్టినట్టే ఉన్నాయి. ఒక్క రింగు ఊడలేదు. వంగి ఆ కుట్టు మీద చెయ్యి వేసి చూసుకున్నాను.

"ఇది కాక ఇంకో కొత్తది కూడా కుట్టాలి బావా" అన్నాడు. "మూలలు ఇలాగే. ఎంతవుతాది?"

చెప్పాను.

"ఏటీ? దోపిడీ ఏటి బావా ఇది! బరకం కుడతన్నావా, బంగారం కుడతన్నావా? రెండొందలు తగ్గించు."

నాకు ఒళ్ళు మండింది. "మొదటిసారి దీనికంటే ఎక్కువ రేటే ఇచ్చావు, ఒక్క మాట అనలేదు. ఇన్ని నెలలు మొహం తిప్పుకు తిరిగి ఇప్పుడు బేరమా?"

అతను నన్ను చూసి పెద్దగా నవ్వాడు.

"అప్పుడు నువ్వు గేటు కాడ కూకున్నావు. గేటు కాడున్నోడితో బేరమాడతామేటి? ఆ డబ్బులు కుట్టుకిచ్చామా, బండి బయటికి పోడానికిచ్చామా! అది కుట్టుకూలీ అని నానెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు కుట్టించుకోడానికొచ్చాను. రెండొందలు తగ్గించు."

లోపల ఉస్తాదు మెషీను ఆగింది. ఆయన వింటున్నాడని తెలుసు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, రెండూ బయటపడకుండా తల వంచి టేపు తీసి బరకం కొలిచాను. ఇంత సంతోషం నాకు ఆ పదకొండు మంది ఇచ్చిన సొమ్మంతా కలిపినా కలగలేదు. దబ్బనాల పెట్టె అడుగున ఆ రాజీనామా కాగితం ఇంకా ఉంది, తేదీ లేకుండా. రేపు ఉదయం షిఫ్టుకి వెళ్ళాలి. ఇంకో ఎండాకాలం చూడాలి.

"యాభై తగ్గిస్తాను" అన్నాను.

"నూటేభై" అన్నాడు, అరుగు మీద సర్దుకుని కూర్చుంటూ.